ఒకే గది, రెండు రంగులు: అక్కాచెల్లెళ్ల కథను ఎలా రాయాలి

ఒకే గదిలో ఉండే అక్కాచెల్లెళ్లు గోడల రంగు గురించి పోట్లాడుకుని, చివరికి ఇద్దరూ ఒప్పుకునే దారి కనుక్కున్న కథను మీరు రాయాలనుకుంటున్నారని అనుకుందాం. వెయ్యి, పన్నెండు వందల మాటల్లో సరిపోయే చిన్న కథ ఇది. చూడడానికి తేలికగా కనిపిస్తుంది కాని, రాయడం మొదలుపెట్టిన చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పోట్లాట బాగానే వస్తుంది, రాజీ మాత్రం రాదు. అమ్మ వచ్చి మందలించడమో, అక్క మనసు కరిగి "నీ ఇష్టమే కానీలే" అనడమో జరిగి కథ ముగిసిపోతుంది. నేను మొదటిసారి రాసినప్పుడు నాకూ అదే జరిగింది. ఆ తరువాత నాలుగైదు సార్లు తిరగరాసి నేర్చుకున్నది ఒక్కటే: ఈ కథలో రాజీ అక్కాచెల్లెళ్ల మంచితనంలోంచి రాకూడదు, గదిలోంచి రావాలి. అందుకు ముందుగా మనుషులను కాక గదిని తయారు చేసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో, గుంటూరు బ్రాడీపేటలోని ఒక డాబా ఇంటిని తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా ఒక కథను కట్టి చూపిస్తాను.

మొదటి మెట్టు: గదిని కాగితం మీద గీయండి

కథలో ఒక్క వాక్యం కూడా రాయకముందే ఒక తెల్ల కాగితం తీసుకుని గది కొలతలు వేయండి. మన కథలోని గది తూర్పు పడమరలుగా 10 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 11 అడుగులు, ఎత్తు 10 అడుగులు. పడమటి గోడకు నాలుగడుగుల కిటికీ ఒక్కటే ఉంది, తూర్పు గోడకు తలుపు ఉంది. అక్క మంచం ఉత్తరపు గోడ వెంట, చెల్లి మంచం దక్షిణపు గోడ వెంట ఉన్నాయి. కిటికీ కింద ఒక చదువుకునే బల్ల ఉంది. ఇంతే గది. ఇందులో ఏ ఒక్క వస్తువూ అలంకారం కోసం పెట్టినది కాదు. కిటికీ ఎటు ఉన్నది, ఎవరు ఎటు తిరిగి కూర్చుంటారు అన్న రెండు సంగతులు తేలితే కథలో సగం తేలినట్లే.

కిటికీ పడమర వైపున ఎందుకు పెట్టానో చెబుతాను. గుంటూరులో ఏప్రిల్ నెల మధ్యాహ్నం పడమటి గది ఎలా ఉంటుందో అందులో ఉన్నవారికే తెలుస్తుంది. మూడు గంటల వేళ ఎండ కిటికీలోంచి దిగి గచ్చు మీద పడుతుంది. పొద్దు వాలేకొద్దీ ఆ ఎండ గచ్చు మీద ముందుకు జరిగి, ఐదింటికల్లా ఎదురుగా ఉన్న తూర్పు గోడ మీదికి ఎక్కుతుంది. అంటే గదిలో ఎండ సూటిగా తగిలేది తూర్పు గోడకు. కిటికీ ఉన్న పడమటి గోడకు లోపలి వైపున ఎండ తగలదు సరికదా, కిటికీ వెలుగు కళ్లలో పడడం వల్ల దాని చుట్టూ ఉన్న గోడ మసకగా కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతిని గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే కథ చివరకు దీని మీదే తిరుగుతుంది. మీ గదికి కిటికీ ఉత్తరాన ఉంటే ఎండ ఇలా రాదు కాబట్టి మీ కథ వేరే దారిన పోవాలి. కొలతలు, దిక్కులు వేసుకోకుండా రాసినవారు మధ్యలో ఎండను తమకు కావలసిన గోడ మీద పడేస్తారు, చదివేవారికి అది ఎందుకో తెలియకపోయినా నమ్మకం మాత్రం సడలిపోతుంది.

రెండవ మెట్టు: ఇద్దరికీ గదిలో వేర్వేరు గంటలు ఇవ్వండి

రంగుల పోట్లాటను "నాకు నీలం ఇష్టం, నాకు పసుపు ఇష్టం" అన్న చోట వదిలేస్తే అది ముందుకు కదలదు. ఇష్టానికి ఎదురు వాదన లేదు. అందువల్ల ఒక్కొక్కరి ఇష్టం వెనుక ఆ గదిలో వారు గడిపే గంటలు ఉండాలి.

అక్క పేరు వసుధ అనుకుందాం. 22 ఏళ్లు, డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకు ఇంట్లోనే చదువుకుంటున్నది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గదిలోనే ఉంటుంది, వెలుగు పుస్తకం మీద పడేలా కిటికీకి వీపు పెట్టి, తూర్పు గోడకు ఎదురుగా మంచం మీద కూర్చుంటుంది. ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా వసారాలో చిన్న పిల్లలకు ట్యూషన్ చెబుతుంది, ఆ తరువాత అన్నం తిని వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటుంది. చెల్లి హారికకు 15 ఏళ్లు, పదో తరగతి. పొద్దున ఏడింటికి బడికి వెళ్లి, స్టడీ అవర్లు ముగించుకుని చీకటి పడ్డాక వస్తుంది. ఆమెకు గది అంటే ట్యూబులైటు వెలుగులో, కిటికీ కింది బల్ల దగ్గర పడమటి గోడకేసి కూర్చుని రాత్రి పదకొండు దాకా చదివే చోటు.

ఇప్పుడు రంగులు వాటంతటవే వస్తాయి. ఎండలో ఉడికే వసుధకు లేత నీలం కావాలి. తెల్లటి ట్యూబులైటు కింద ఒంటరిగా మేలుకుని ఉండే హారికకు పసుపు కావాలి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరికీ రెండోవారి గది తెలియదు. ఒకే గది గురించి మాట్లాడుకుంటున్నామని ఇద్దరూ అనుకుంటున్నారు కాని, ఒకరిది పగటి గది, ఒకరిది రాత్రి గది. ఈ సంగతిని మీరు కథలో ఎక్కడా మాటల్లో చెప్పకండి. చెప్పాలనే ఆశ చాలా బలంగా కలుగుతుంది, ఆపుకోండి.

కథ ఎప్పుడు జరుగుతున్నదో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పదో తరగతి పరీక్షలు అయిపోయిన మరునాడు అని పెట్టండి. హారిక మూడేళ్ల తరువాత మొదటిసారిగా పనిరోజు మధ్యాహ్నం ఇంట్లో ఉంటుంది. ఎల్లుండి పెయింటర్ రంగు వేయడం మొదలుపెడతాడు, అమ్మ "రేపు సాయంత్రానికి ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అన్నది. కథకు కావలసిన తొందర దీంతో వచ్చేస్తుంది.

మూడవ మెట్టు: పోట్లాటను పిలుపులతో నడపండి

తెలుగులో అక్కాచెల్లెళ్ల పోట్లాట రాసేవారికి చేతిలో ఒక మంచి పనిముట్టు ఉన్నది, దాన్ని చాలామంది వాడుకోరు. అది "అక్కా" అనే పిలుపు. మన ఇళ్లలో చెల్లెలు అక్కను పేరు పెట్టి పిలవదు, "నువ్వు" అంటుంది కాని మాటకు ముందో వెనకో "అక్కా" అని చేరుస్తుంది. కోపం వచ్చినప్పుడు మొదట పోయేది ఆ పిలుపే. ఇంకా కోపం వస్తే అక్కతో నేరుగా మాట్లాడడం మానేసి అమ్మ ద్వారా మాట్లాడుతుంది, అప్పుడు అక్క "ఆవిడగారు" అయిపోతుంది. అక్క కూడా అంతే, "ఏమే" అనే చనువు పోయి చెల్లెలు "అది" అవుతుంది. గొంతులు పెరిగాయి, కళ్లు ఎర్రబడ్డాయి అని మీరు రాయనవసరం లేదు. పిలుపు ఎక్కడ పోయిందో చూపిస్తే చాలు.

మన కథలో మొదటి పోట్లాటను ఇలా రాయవచ్చు.

"అక్కా, పసుపు వేయిద్దామే. మరీ ముదురు కాదు, నిమ్మపండు రంగు," అన్నది హారిక, షేడ్ కార్డు మంచం మీద పరుస్తూ.

"ఈ ఎండకు తోడు పసుపు కూడానా? లేత నీలం వేయిద్దాం, కాస్త కళ్లకు చలవగా ఉంటుంది."

"నీలం వేస్తే ఆసుపత్రి వార్డులా ఉంటుంది."

"నువ్వు ఎంతసేపుంటావే ఈ గదిలో? రోజంతా ఉండేది నేను."

"అంటే గది నీదా?"

వసుధ జవాబు చెప్పలేదు. హారిక షేడ్ కార్డు మడిచి వంటింట్లోకి వెళ్లింది. "అమ్మా, ఆవిడగారికి నీలమే కావాలట. నేను వసారాలో పడుకుంటానని చెప్పు."

"దానికి ఇష్టమైన చోట పడుకోమను," అన్నది వసుధ గదిలోంచే.

ఇందులో ఎవరి కోపం ఎంతో చెప్పే విశేషణం ఒక్కటీ లేదు. మొదటి మాటలో ఉన్న "అక్కా" మూడో మాటకు పోయింది, చివరికి "ఆవిడగారు" వచ్చింది. "గది నీదా" అన్న ప్రశ్న పోట్లాటను రంగు నుంచి హక్కు మీదికి తీసుకుపోయింది. ఇళ్లలో జరిగే పోట్లాటలన్నీ ఇలాగే ఒక మెట్టు పక్కకు జారతాయి, మీరు రాసేదీ జారాలి. అయితే అక్కడితో ఆపేయండి. పాత కక్షలన్నీ తవ్వి, చిన్నప్పుడు ఎవరి గౌను ఎవరు చింపారో దాకా వెళితే కథ గదిలోంచి బయట పడిపోతుంది.

నాలుగవ మెట్టు: పని చేయని రాజీలను ముందుగా తీసి పక్కన పెట్టండి

చదివేవారు తెలివైనవారు. పోట్లాట చూడగానే వారి మనసులో రెండు మూడు పరిష్కారాలు వస్తాయి. వాటిని కథలోనే ఎవరో ఒకరి నోట పలికించి, అవి ఎందుకు పనికిరావో చూపించకపోతే, చివర మీరు చెప్పే దారి కంటే తమ దారే మేలని వారికి అనిపిస్తుంది.

మొదటిది, రెండు రంగులూ కలిపేయడం. నీలం, పసుపు డబ్బాలు కలిపితే ఆకుపచ్చ వస్తుంది, అది ఇద్దరిలో ఎవరూ అడిగిన రంగు కాదు. మీ కథలో గులాబీ, ఆకుపచ్చ రంగులు పెట్టుకుంటే ఇంకా అన్యాయం, ఎందుకంటే అవి కలిస్తే బూడిద కలిసిన మట్టి రంగు వస్తుంది. నాన్న ఈ మాట అన్నట్లు, హారిక తన రంగుల పెట్టెలోంచి రెండు చుక్కలు తీసి పళ్లెంలో కలిపి ఆయనకు చూపించినట్లు రెండు వాక్యాల్లో రాస్తే చాలు.

రెండవది, గదిని మధ్యకు చీల్చి ఉత్తరం సగం నీలం, దక్షిణం సగం పసుపు వేయడం. ఇది న్యాయంగా కనిపిస్తుంది కాని ఎవరికీ పనికిరాదు. వసుధ మంచం నీలం సగంలో ఉంటుంది, కాని ఆమె రోజంతా చూసేది తన పక్కన ఉన్న గోడను కాదు, ఎదురుగా ఉన్న తూర్పు గోడను. అది సగం పసుపే. హారిక కూర్చునే బల్లకు ఎదురుగా సగం నీలమే. మొదటి మెట్టులో గీసుకున్న కాగితం ఇక్కడ మీకు అక్కరకు వస్తుంది. ఎవరు ఎక్కడ పడుకుంటారు అన్నదాన్ని బట్టి పంచితే పంపకం తప్పుతుందని, ఎవరు ఎటు చూస్తారు అన్నదాన్ని బట్టి పంచాలని మీకు తెలుస్తుంది, పాత్రలకు ఇంకా తెలియదు.

మూడవది త్యాగం. మన కథల్లో పెద్దది తగ్గడం ఎంత అలవాటంటే, అది రాజీ కాదన్న సంగతే మరిచిపోతాం. వసుధ "సరే, పసుపే వేయండి" అంటే హారిక గెలిచినట్లూ కాదు, వసుధ ఓడినట్లూ కాదు, పోట్లాటకు జవాబు దొరకలేదని అర్థం. వచ్చే ఏప్రిల్‌లో ఆ గదిలో ఐదు గంటల వేళ ఏం జరుగుతుందో ఆలోచించండి. చదివేవారు కూడా ఆలోచిస్తారు. అందుకని వసుధ చేత ఒకసారి ఆ మాట అనిపించి, హారిక చేతనే దాన్ని తిప్పికొట్టించండి. "నీ మొహం చూస్తూ ఉంటే నాకు పసుపు పసుపులా కనిపించదు" అన్న ఒక్క మాట చాలు. ఇక్కడ కూడా "అక్కా" అనిపించకండి, కోపం ఇంకా తీరలేదు.

ఐదవ మెట్టు: గోడ మీద మచ్చలు వేయించండి

ఇదే కథకు మలుపు, దీనికి ఎక్కువ చోటు ఇవ్వండి. అనుభవం ఉన్న పెయింటర్ ఎవరైనా షేడ్ కార్డులోని వేలెడంత ముక్కను చూసి రంగు తేల్చవద్దని, గోడ మీద అడుగు వెడల్పున మచ్చ వేసి ఆరనిచ్చి చూడమని చెబుతాడు. దానికి రెండు కారణాలు ఉన్నాయి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక సాధారణంగా ఒక పిసరు ముదురుగా కనిపిస్తుంది. రెండవది, ఒకే రంగు పగటి వెలుగులో ఒకలా, దీపం కింద ఇంకోలా ఉంటుంది. మన కథలో పెయింటర్ ప్రైమర్ ఆరిన గోడల మీద మచ్చలు వేస్తూ, "ఎదురెదురు గోడల మీద వేస్తానమ్మా, వెలుగు రెండు చోట్లా ఒకలా ఉండదు" అంటాడు. తూర్పు గోడ మీద ఒక నీలం మచ్చ, ఒక పసుపు మచ్చ. పడమటి గోడ మీద కిటికీ పక్కన మళ్లీ అవే రెండు. ఆయన అన్నది వృత్తికి సంబంధించిన మామూలు మాట, దాన్ని అలాగే వదిలేయండి. పెయింటర్ చేత రాజీ సూత్రం చెప్పించకూడదు, ఆయన ఇచ్చేది మచ్చలు మాత్రమే.

ఆ తరువాత రెండు చూపులు రాయాలి. మొదటిది సాయంత్రం ఐదింటికి. హారిక బడి లేక ఇంట్లోనే ఉన్నది, అక్కతో మాట్లాడకుండా తన మంచం మీద పడుకుని ఉన్నది. ఎండ గచ్చు దాటి తూర్పు గోడ ఎక్కి పసుపు మచ్చ మీద పడింది. పెనం మీది నూనె మెరిసినట్లు మెరిసిన ఆ మచ్చ వంక చూడలేక హారిక చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పక్కన ఉన్న నీలం మచ్చ ఎండను తాగి ఊరుకుంది. వసుధ ఆ గోడకు ఎదురుగా కూర్చుని, తల వంచుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ చదువుతూ ఉన్నది. రోజూ ఇలాగే చదువుతుందని హారికకు అప్పుడు తెలుస్తుంది, కాని ఆ మాట మీరు రాయకండి. ఆమె లేచి కిటికీ రెక్క ఒకటి మూసిందని రాయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. రంగు వల్ల గది నిజంగా చల్లబడిందని రాయవద్దు. లోపలి గోడకు నీలం వేసినంత మాత్రాన డాబా ఇంట్లో వేడి తగ్గదు. తగ్గేది కంటికి కొట్టే వెలుగు మాత్రమే. వసుధ అడిగింది కళ్లకు చలవే కాబట్టి కథకు అది చాలు.

రెండవ చూపు రాత్రి తొమ్మిదిన్నరకు. ట్యూషన్ ముగించుకుని వచ్చిన వసుధ పడుకోబోతూ గోడ వంక చూస్తుంది. ట్యూబులైటు కింద, సాయంత్రం అంత చలవగా ఉన్న నీలం, సున్నంలో నీలిమందు ఎక్కువైనట్లు వెలవెలబోయి ఉంది. పసుపు మచ్చ మాత్రం పొయ్యి వెలుగులా ఉంది. వసుధ ట్యూబులైటు కేసి ఒకసారి, చెల్లెలి ఖాళీ బల్ల కేసి ఒకసారి చూసి, ఆ బల్ల ముందు కూర్చుంటుంది. మూడేళ్లుగా చెల్లెలు కూర్చున్న ఆ చోట తాను కూర్చోవడం ఇదే మొదటిసారి. ఆమె కళ్లకు ఎదురుగా పడమటి గోడ, దాని మీద రెండు మచ్చలు.

రాజీ మాట మరునాడు సాయంత్రం రావాలి, అది హారిక నోట రావాలి. ఐదింటికి ఆమె గది మధ్యలో నిలబడి ఒకసారి తూర్పుకు, ఒకసారి పడమరకు తిరిగి చూస్తుంది. పడమటి గోడ మీద, కిటికీ వెలుగు పక్కన, రెండు మచ్చలూ దాదాపు ఒకేలా మసకబారి ఉన్నాయి.

"అక్కా, ఇటు చూడు. ఇక్కడ పసుపు ఉన్నట్టే లేదు."

వసుధ పుస్తకం మూసి వెనక్కి తిరిగింది. చాలాసేపు చూసింది. "రాత్రి మాత్రం బాగుంటుందే ఆ గోడ మీద," అన్నది.

"నువ్వెప్పుడు చూశావు?"

"చూశాలే."

ఇంతకంటే ఎక్కువ మాటలు వద్దు. తూర్పు గోడకు నీలం, పడమటి గోడకు పసుపు, పక్క గోడలు రెండింటికీ మీగడ తెలుపు. వసుధ పగలంతా ఎదురుగా చూసే గోడ ఆమెది, హారిక రాత్రంతా ఎదురుగా చూసే గోడ ఆమెది, రెండోవారి రంగు తమ వేళలో తమకు వీపు వెనుక ఉంటుంది. మరునాటికి "అక్కా" తిరిగి వచ్చింది, వసుధ మాట చివర "ఏ" తిరిగి వచ్చింది. రాజీ కుదిరిందని చెప్పడానికి మీకు వేరే వాక్యం అక్కరలేదు.

ఆరవ మెట్టు: రాజీకి ఖరీదు కట్టండి

చాలా కథలు ఇక్కడ ఆగుతాయి. ఒక్క అడుగు ముందుకు వేయమని నా సలహా, ఎందుకంటే ఇద్దరికీ ఏమీ నష్టం లేని రాజీని ఎవరూ నమ్మరు. ఆ నష్టం కూడా గదిలోంచే, రంగులోంచే రావాలి.

పసుపు గురించి పెయింటర్లందరికీ తెలిసిన ఒక సంగతి ఉన్నది: దానికి కింది గోడను కప్పే శక్తి తక్కువ. నీలం రెండు కోట్లకు నిండుగా వచ్చిన చోట, నిమ్మపండు పసుపు మూడో కోటు అడుగుతుంది. మన లెక్క చూడండి. తూర్పు గోడ 110 చదరపు అడుగుల్లో తలుపు పోను సుమారు 90, పడమటి గోడ కిటికీ పోను సుమారు 94. ఒక లీటరు ఎమల్షన్ రెండు కోట్లకు ఇంచుమించు 65, 70 చదరపు అడుగులకు వస్తుంది కాబట్టి, నాన్న రెండు గోడలకూ సమానంగా రెండేసి లీటర్లు తెచ్చాడు. నీలం సరిపోయి డబ్బాలో కాస్త మిగిలింది. పసుపు రెండు కోట్లకు సరిపోయింది కాని ప్రైమర్ తెలుపు లోపలినుంచి తొంగిచూస్తూనే ఉంది. అడుగున మిగిలినదానితో మూడో కోటు పైనుంచి మొదలుపెడితే కిటికీ మీద, పక్కన అయ్యింది, కుడివైపు కింద మూలన మూడడుగుల మేర పలచగా ఉండిపోయింది. మళ్లీ కొట్లో కలిపిస్తే సరిగ్గా అదే ఛాయ రాకపోవచ్చునని పెయింటర్ చెప్పాడు.

ఈ లెక్కలన్నీ కథలో రాయమని నేను చెప్పడం లేదు. రెండు గోడలకూ సమానంగా తెచ్చినా ఒకటి చాలలేదన్న ఒక్క వాక్యమే కథలోకి వెళుతుంది. కాని మీకు లెక్క తెలిసి ఉంటేనే ఆ వాక్యం తొణక్కుండా నిలబడుతుంది.

ముగింపు ఇలా రావాలి. పెయింటర్ నిచ్చెన తీసుకుని వెళ్లిపోయాడు. హారిక ఆ మూల ముందు గొంతుక్కూర్చుని వేలితో గోడను తడుముతున్నది. పడమర కేసి నిలబడితే కుడిచేయి ఉత్తరం, అంటే ఆ మూల వసుధ మంచం తలాపి దగ్గర ఉన్నది. బల్లను కిటికీ కిందనుంచి అక్కడికి జరిపితే మూల కనిపించదు, కాని మంచం అడ్డం, పైగా రాత్రి పదకొండు దాకా వెలిగే దీపం వసుధ తలకు దగ్గరవుతుంది. ఈ రెండు చిక్కులనూ మీరు చెప్పకండి, గది బొమ్మ చదివేవారి మనసులో ఉంటే వారికే తోస్తాయి. మీరు రాయవలసింది ఇంతే:

వసుధ లేచి, మంచం కోళ్లు గచ్చు మీద గీరుకుంటుంటే, దాన్ని ఒక మూర ఇవతలికి లాక్కుంది. తరువాత బల్లకు ఒక పక్క చేయి వేసి, "అటు పట్టుకోవే," అన్నది.

అక్కడ చుక్క పెట్టి కలం పక్కన పెట్టండి.

తిరగరాసేటప్పుడు చూసుకోవలసినవి

మరునాడు కథను పైకి చదవండి. చదువుతూ గది బొమ్మను ఎదురుగా పెట్టుకుని, ఎవరు ఏ గోడ వంక చూస్తున్నారో వేలితో చూపించుకుంటూ వెళ్లండి. వేలు ఒక్కచోట తడబడినా ఆ వాక్యం తప్పు. తరువాత ఎర్ర పెన్నుతో "అక్కా" అన్న చోటల్లా గీత గీయండి. పోట్లాట మొదలైన దగ్గరనుంచి ఐదింటికి హారిక పడమటి గోడ ముందు నిలబడే దాకా ఒక్క గీత కూడా కనిపించకూడదు. కనిపిస్తే అది చేయి అలవాటు కొద్దీ పడినదే, దాన్ని కొట్టేయండి. ఆ సాయంత్రం హారిక నోట వచ్చే "అక్కా" కాగితం మీద ఒక్కటే గీతగా, చుట్టూ ఖాళీతో కనిపించేదాకా కొట్టేస్తూనే ఉండండి.